రిజర్వు బ్యాంకు బాండ్లు కొంటే ఆ డబ్బు మన ఊరిదాకా వస్తుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

బ్యాంకు ట్రెజరీ విభాగంలో పనిచేసి తిరుపతిలో స్థిరపడ్డాక, క్వాంటిటేటివ్ ఈజింగ్ గురించి నన్ను ముఖ్యంగా మూడు రకాల వాళ్లు అడుగుతుంటారు. బ్యాంకు పరీక్షలకు చదివే పిల్లలకు నిర్వచనం కావాలి. డిపాజిట్ వడ్డీతో ఇల్లు నడుపుకునే రిటైర్డ్ ఉద్యోగులకు తమ వడ్డీ ఎందుకు తగ్గిందో తెలియాలి. చిత్తూరు వైపు మామిడి గుజ్జు పరిశ్రమలు నడిపేవాళ్లకు, అన్ని లక్షల కోట్లు వదిలారంటున్నారు కదా, అందులో మాకు వచ్చిందేమిటన్నది సందేహం. అందరికీ ఒకే ఉదాహరణతో, 2021లో మన రిజర్వు బ్యాంకు చేసిన బాండ్ల కొనుగోలుతో, ఇక్కడ జవాబు చెబుతున్నాను.

క్వాంటిటేటివ్ ఈజింగ్ అంటే ఏమిటి?

కేంద్ర బ్యాంకు తాను కొత్తగా సృష్టించిన డబ్బుతో మార్కెట్లో పెద్ద ఎత్తున బాండ్లు కొనడం. వాటిలో ఎక్కువ భాగం దీర్ఘకాలిక ప్రభుత్వ బాండ్లే ఉంటాయి. పొడవైన పేరు కాబట్టి క్యూఈ అంటారు.

మామూలు రోజుల్లో కేంద్ర బ్యాంకు స్వల్పకాలిక వడ్డీ రేటు ఒక్కదాన్నే పట్టుకుని నడుపుతుంది. మన దగ్గర అది రెపో రేటు. ఆ రేటు తగ్గిస్తే మిగతా వడ్డీలు వాటంతటవే దిగుతాయని నమ్మకం. అయితే ఆ రేటు ఇక దించలేనంత కిందికి వచ్చేసి, అయినా పదేళ్ల వడ్డీలు మాత్రం దిగిరాకపోతే? అప్పుడు కేంద్ర బ్యాంకు తానే స్వయంగా బాండ్ల మార్కెట్లోకి దిగుతుంది. జపాన్ 2001లో, అమెరికా 2008 చివర్లో, బ్రిటన్ 2009 మార్చిలో ఈ పనికి పూనుకున్నాయి.

మన రిజర్వు బ్యాంకు చేసింది నిజంగా క్యూఈయేనా?

రిజర్వు బ్యాంకు ఆ పేరు పెట్టుకోలేదు. ప్రభుత్వ సెక్యూరిటీల కొనుగోలు కార్యక్రమం అంది. పొట్టిగా జీ-సాప్ అని పిలిచింది. 2021 ఏప్రిల్ 7న అప్పటి గవర్నర్ శక్తికాంత దాస్ దాన్ని ప్రకటించారు. మొదటి మూడు నెలల్లో లక్ష కోట్లు, తర్వాతి మూడు నెలల్లో 1.2 లక్షల కోట్ల రూపాయల బాండ్లు కొన్నారు. అక్టోబరు 8న ఇక చాలని ఆపేశారు.

పేరు మీద వాదన నాకు పెద్ద విషయంగా తోచదు. ఖాతాల్లో జరిగే పని ఒక్కటే. తేడా ఏమైనా ఉంటే రెండు చోట్ల ఉంది. అప్పటికి మన రెపో రేటు 4 శాతం, అంటే సున్నా కాదు. ఇంకా దించే చోటు ఉంది. రెండోది, బహిరంగ మార్కెట్ కార్యకలాపాల పేరుతో రిజర్వు బ్యాంకు ఎప్పటినుంచో బాండ్లు కొంటూ అమ్ముతూనే ఉంది. కాకపోతే ఎప్పుడు కొంటుందో, ఎంత కొంటుందో నెలల ముందుగా సాధారణంగా తెలిసేది కాదు. జీ-సాప్‌లో మొత్తం ఎంతో ముందే చెప్పి కట్టుబడింది. బాండ్ల వ్యాపారికి ఆ మాట చాలా విలువైనది. కొనేవాడు మూడు నెలలపాటు ఎదురుగా నిలబడి ఉంటాడని తెలిస్తే, చేతిలో ఉన్న బాండును కంగారుపడి అమ్ముకోడు.

2021లో అంత అవసరం ఏమొచ్చింది?

కోవిడ్ ఏడాదిలో పన్నులు పడిపోయి, ఖర్చులు పెరిగాయి. తిరుమలలోనే 2020 మార్చి నుంచి జూన్ దాకా భక్తులకు దర్శనం ఆగిపోయిందంటే కింద లాడ్జీలు, హోటళ్లు, టాక్సీలు ఎలా ఉండి ఉంటాయో ఇక్కడివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. దేశమంతటా అదే పరిస్థితి. దాంతో కేంద్ర ప్రభుత్వం 2021-22లో బాండ్లు అమ్మి 12 లక్షల కోట్లకు పైగా అప్పు చేయాలనుకుంది.

అంత సరుకు ఒక్కసారిగా మార్కెట్లోకి వస్తుంటే కొనేవాళ్లు బేరం పెడతారు. ఎక్కువ వడ్డీ ఇస్తేనే కొంటామన్నారు. రిజర్వు బ్యాంకు ప్రభుత్వం తరఫున వేలం నడుపుతూ అంత ఇవ్వనంది. వేలాల్లో కొన్ని బాండ్లు సరిగా అమ్ముడుపోక, మిగిలినవాటిని తీసుకుంటామని ముందే పూచీ ఇచ్చిన ప్రైమరీ డీలర్ల మీద పడ్డాయి. ఈ పెనుగులాట నెలల తరబడి సాగింది. జీ-సాప్ దానికి రిజర్వు బ్యాంకు ఇచ్చిన సమాధానం.

అయితే నోట్లు అచ్చువేసి బాండ్లు కొన్నారన్నమాట?

కాదు. ఒక్క నోటు కూడా అచ్చు వేయలేదు. మొదటి కొనుగోలు 2021 ఏప్రిల్ 15న జరిగింది, 25,000 కోట్ల రూపాయలకు. రిజర్వు బ్యాంకుకు ఈ-కుబేర్ అనే కంప్యూటర్ వ్యవస్థ ఉంది. ఏయే బాండ్లు కొంటామో ముందే జాబితా ఇస్తారు. బ్యాంకులు, ఇతర అర్హులైన సంస్థలు ఆ రోజు పొద్దున ఫలానా బాండు ఇంత మొత్తం, ఈ ధరకు అమ్ముతామని అందులో బిడ్లు నమోదు చేస్తాయి. గడువు ముగిశాక రిజర్వు బ్యాంకు తనకు నచ్చిన ధరల వరకు తీసుకుని, మిగతావి వదిలేస్తుంది. అదే రోజు ఫలితం చెబుతుంది. మర్నాడు బాండు అమ్మినవాళ్ల ఖాతా నుంచి రిజర్వు బ్యాంకు ఖాతాలోకి మారుతుంది, డబ్బు అటు జమ అవుతుంది.

ఆ జమ ఒక అంకె మాత్రమే. ప్రతి బ్యాంకుకూ రిజర్వు బ్యాంకు దగ్గర ఒక కరెంటు ఖాతా ఉంటుంది. ఆ ఖాతాలో అంకె పెరిగింది. ఈ సొమ్మును రిజర్వు బ్యాంకు ఎక్కడినుంచీ తీసుకురాలేదు. అంకె రాసిన క్షణంలోనే అది పుట్టింది. డబ్బు సృష్టించడం అంటే ఇంతే.

ఆ ఖాతాల పద్దు కాస్త విడమరిచి చెప్పగలరా?

అసలు విషయమంతా ఇక్కడే ఉంది కాబట్టి తొందరపడకుండా చూద్దాం. రిజర్వు బ్యాంకు 1,000 కోట్ల బాండ్లు కొన్నదనుకోండి. అమ్మింది ఎవరన్నదాన్ని బట్టి కథ రెండు దారులు పడుతుంది.

మొదటి దారిలో అమ్మింది ఒక బ్యాంకు. దాని ఆస్తుల్లో 1,000 కోట్ల బాండు పోయింది, దాని స్థానంలో రిజర్వు బ్యాంకు దగ్గర 1,000 కోట్ల నిల్వ వచ్చింది. ఒక ఆస్తి పోయి ఇంకో ఆస్తి వచ్చింది, అంతే. తిరుపతి బ్రాంచిలో మీ పొదుపు ఖాతా, పక్కింటివారి ఖాతా, దేవస్థానం ఖాతా, దేనిలోనూ ఒక్క రూపాయి పెరగలేదు. రిజర్వు బ్యాంకు పద్దులో ఆస్తుల వైపు బాండు, అప్పుల వైపు బ్యాంకుల నిల్వ చేరాయి. పరీక్షల భాషలో చెప్పాలంటే రిజర్వు ద్రవ్యం 1,000 కోట్లు పెరిగింది. ప్రజల చేతిలోని నోట్లను, డిపాజిట్లను కలిపి లెక్కించే ఎం3 ఉన్నచోటే ఉంది.

రెండో దారిలో అమ్మింది బ్యాంకు కాదు. ఒక బీమా సంస్థో, పింఛను నిధో. వాటికి రిజర్వు బ్యాంకులో అలాంటి కరెంటు ఖాతా ఉండదనుకుందాం. సొమ్ము వాటి బ్యాంకు ద్వారా అందాలి. రిజర్వు బ్యాంకు ముందు ఆ బ్యాంకు నిల్వలో 1,000 కోట్లు జమ చేస్తుంది. ఆ బ్యాంకు తన ఖాతాదారైన బీమా సంస్థ డిపాజిట్‌లో 1,000 కోట్లు జమ చేస్తుంది. ఇప్పుడు రెండు చోట్ల డబ్బు పెరిగింది. బ్యాంకు నిల్వ పెరిగింది, డిపాజిట్టూ పెరిగింది. ఎం3 కూడా 1,000 కోట్లు ఎక్కింది.

బ్రిటన్‌లో క్యూఈ తలపెట్టినప్పుడు ఈ రెండో దారినే ప్రధానంగా దృష్టిలో పెట్టుకున్నారు. అక్కడ ప్రభుత్వ బాండ్లు పింఛను నిధులు, బీమా సంస్థల దగ్గర విస్తారంగా ఉంటాయి. మన దేశంలో పరిస్థితి వేరు. చట్టప్రకారం డిపాజిట్లలో కొంత భాగాన్ని ప్రభుత్వ బాండ్లలాంటి వాటిలో పెట్టాల్సిందే కాబట్టి బ్యాంకుల దగ్గర కుప్పలుగా ఉంటాయి. అవసరమైనదానికంటే ఎక్కువే ఉంచుకుంటాయి కూడా. రిజర్వు బ్యాంకు కొంటానంటే ముందుగా బిడ్లు వేసేది సహజంగా వాళ్లే. అందుకే ఇక్కడ కొనుగోళ్ల సొమ్ములో చాలా భాగం మొదట బ్యాంకుల నిల్వగానే ఉండిపోతుంది. టీవీ చర్చల్లో వినబడే "ప్రజల్లోకి రెండు లక్షల కోట్లు" అనే మాట ఈ మెట్టు దగ్గరే తప్పిపోతుంది.

సరే, బ్యాంకు దగ్గర నిల్వ పెరిగింది కదా. దాన్ని మాకు అప్పుగా ఇవ్వదా?

ఆ నిల్వను మీకు అప్పుగా ఇవ్వడం కుదరదు. అది రిజర్వు బ్యాంకు దగ్గర ఖాతా ఉన్న సంస్థల మధ్య మాత్రమే తిరిగే డబ్బు. బ్యాంకు మీకు అప్పు ఇచ్చేటప్పుడు మీ ఖాతాలో కొత్త డిపాజిట్ రాస్తుంది. మీరు ఆ సొమ్మును వేరే బ్యాంకులో ఖాతా ఉన్న వ్యాపారికి పంపితే, మీ బ్యాంకు నిల్వ తగ్గి ఆయన బ్యాంకు నిల్వ పెరుగుతుంది. బస్సులో ప్రయాణికులు సీట్లు మార్చుకున్నంత మాత్రాన బస్సులో జనం తగ్గరు, ఇదీ అంతే. జనం నోట్లుగా తీసుకెళ్తేనో, పన్ను కట్టి ఆ సొమ్ము రిజర్వు బ్యాంకులోని ప్రభుత్వ ఖాతాకు చేరితేనో, రిజర్వు బ్యాంకు బాండ్లో డాలర్లో అమ్మితేనో తప్ప మొత్తం నిల్వ తగ్గదు.

పాఠ్యపుస్తకాల్లో ఇంకో లెక్క ఉంటుంది. నగదు నిల్వల నిష్పత్తి, అంటే డిపాజిట్లలో బ్యాంకు రిజర్వు బ్యాంకు దగ్గర ఉంచాల్సిన వాటా, 4 శాతం అయితే, 1,000 కోట్ల నిల్వ మీద 25,000 కోట్ల డిపాజిట్లు నిలుస్తాయని. పరీక్షలో ఆ జవాబే రాయండి, మార్కులు వస్తాయి. నిజ జీవితంలో అది పైకప్పు మాత్రమే. బ్యాంకు ఆ ఎత్తుకు ఎగరాలన్న నియమం ఎక్కడా లేదు. అప్పు ఇవ్వాలంటే తీర్చగల మనిషి అడగాలి, మునిగితే తట్టుకునే సొంత మూలధనం బ్యాంకుకు ఉండాలి. 2020-21లో బ్యాంకుల డిపాజిట్లు 11 శాతానికి పైగా పెరిగితే, రుణాలు 6 శాతం కూడా పెరగలేదు. నిల్వలకు కొరత లేదు. కొరతంతా అప్పు తీసుకునే ధైర్యానికి, ఇచ్చే ధైర్యానికి.

మరి దీనివల్ల ప్రయోజనం ఏమిటి?

బాండు ధర. క్యూఈ పనిచేసే అసలు దారి అదేనని నా అభిప్రాయం.

ఒక పదేళ్ల బాండు తీసుకోండి. ముఖవిలువ 100 రూపాయలు, ఏటా 6 రూపాయల వడ్డీ. 100కు కొంటే రాబడి 6 శాతం. రిజర్వు బ్యాంకు ఎగబడి కొంటుంటే ధర పెరుగుతుంది. 101 రూపాయల 86 పైసలకు చేరిందనుకోండి. ఇచ్చే వడ్డీ మాత్రం 6 రూపాయలే, పదేళ్ల తర్వాత వచ్చేదీ 100 రూపాయలే. ఎక్కువ పెట్టి కొన్నవాడికి ఏడాదికి సగటున గిట్టేది 5.75 శాతమే. అంటే ధర రెండు రూపాయల లోపే పెరిగినా రాబడి పావు శాతం పడిపోయింది. ధర, రాబడి ఎప్పుడూ ఎదురెదురుగా నడుస్తాయి.

ఇక్కడ పదేళ్ల ప్రభుత్వ బాండు రాబడి మిగతా వడ్డీలన్నిటికీ కొలబద్ద. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సాధారణంగా మంగళవారాల్లో జరిగే వేలాల్లో బాండ్లు అమ్మి అప్పు తెచ్చుకుంటుంది. కేంద్ర బాండు రాబడి మీద ఇంత అదనం అని లెక్కగట్టి దాని వడ్డీ తేలుతుంది. పెద్ద కంపెనీల బాండ్లదీ అదే పద్ధతి. కింది రాయి కదిలితే పైవన్నీ కదులుతాయి. 2021 జూన్‌లో రిజర్వు బ్యాంకు జీ-సాప్ కింద 10,000 కోట్ల రూపాయల రాష్ట్రాల బాండ్లను నేరుగా కొన్నది కూడా ఈ అదనాన్ని తగ్గించడానికే.

ఇంకో ఒత్తిడి కూడా ఉంది. బాండు అమ్మిన బ్యాంకు చేతిలో ఉన్న నిల్వను ఏం చేయాలి? రివర్స్ రెపోలో రిజర్వు బ్యాంకు దగ్గరే పెడితే అప్పట్లో వచ్చేది 3.35 శాతం. 6 శాతం వచ్చే బాండు ఇచ్చి 3.35తో కూర్చోవడం ఏ ట్రెజరీ మేనేజరుకూ రుచించదు. కాస్త ఎక్కువ వడ్డీ వచ్చే రాష్ట్ర బాండో, కంపెనీ బాండో వెతుక్కుంటాడు. అలా వాటి ధరలూ పెరిగి, వాటి వడ్డీలూ దిగుతాయి.

ఈ వెతుకులాట మన ఊళ్లోనూ కనిపించింది. బ్యాంకు వడ్డీలు పడిపోతున్న 2020లో తిరుమల తిరుపతి దేవస్థానం తన డిపాజిట్ల సొమ్మును కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ సెక్యూరిటీల్లో పెట్టే ఆలోచన చేసింది. విమర్శలు రావడంతో విరమించుకుంది. ఆ నిర్ణయం మంచిదా చెడ్డదా అన్నది నాకు ఇక్కడ అప్రస్తుతం. వేల కోట్ల డిపాజిట్లున్న సంస్థ కూడా వడ్డీ తగ్గగానే ఇంకో చోటు వైపు చూసింది. సడలింపు విధానం కోరుకునేది సరిగ్గా అదే.

మాది చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు పరిశ్రమ. మా రుణం వడ్డీ మీద జీ-సాప్ ప్రభావం ఎంత?

చాలా తక్కువ. మీరు సీజనులో తోతాపురి కాయ కొనడానికి వాడే క్యాష్ క్రెడిట్ స్వల్పకాలిక రుణం. 2019 అక్టోబరు నుంచి సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు ఇచ్చే కొత్త ఫ్లోటింగ్ రుణాల వడ్డీని బయటి ప్రామాణిక రేటుకు ముడిపెట్టారు. చాలా బ్యాంకులు రెపోనే ఎంచుకున్నాయి. కాబట్టి మీ వడ్డీ తగ్గింది రెపో 4 శాతానికి దిగినందువల్ల. పదేళ్ల బాండు రాబడి పావు శాతం అటూ ఇటూ అయినా మీ ఖాతాలో తేడా రాదు.

ఇంకొకటి. గుజ్జు డ్రమ్ములు గోదాములో నిలిచిపోయి, విదేశీ కొనుగోలుదారు ఆర్డరు వాయిదా వేసినప్పుడు వడ్డీ పావు శాతం తగ్గిందని ఎవరూ అదనంగా కాయ కొనరు. పరిమితి ఉన్నా వాడుకోరు. బాండ్ల కొనుగోలు అప్పును చవక చేయగలదు, ఆర్డరు తెచ్చిపెట్టలేదు. మీరే పదేళ్ల స్థిర వడ్డీ టర్మ్ లోనుతో కొత్త యంత్రాలు పెడుతుంటే, లేదా బాండ్లు అమ్మే స్థాయి కంపెనీ అయితే, అప్పుడు ప్రభావం తెలిసేది.

మా డిపాజిట్ వడ్డీ పడిపోవడానికి కారణం ఇదేనా?

కొంతవరకు. ప్రధాన కారణం రెపో తగ్గింపే. అయితే బ్యాంకుల దగ్గర నిల్వలు పొంగిపొర్లుతున్నప్పుడు మీ డిపాజిట్ కోసం అవి పోటీ పడవు. 2021లో పెద్ద బ్యాంకుల్లో ఏడాది డిపాజిట్ మీద 5 శాతం చుట్టూ మాత్రమే వచ్చింది. ఆ ఏడాది మే నెలలో రిటైల్ ద్రవ్యోల్బణం 6 శాతం దాటింది. అంటే వడ్డీ వచ్చాక కూడా మీ సొమ్ము కొనుగోలు శక్తి తరిగింది. ప్రభుత్వం, అప్పు చేసిన కంపెనీలు, షేర్లున్నవాళ్లు లాభపడ్డారు. పింఛను లేక డిపాజిట్ వడ్డీ మీదే బతికే పెద్దవాళ్లు ఆ బిల్లులో కొంత కట్టారు. ఈ విధానాన్ని సమర్థించేవాళ్లు ఈ సంగతి చెప్పకుండా దాటవేయడం నాకు నచ్చదు.

ఇది ప్రభుత్వానికి దొడ్డిదారిన డబ్బివ్వడం కాదా?

చట్టం ఒక గీత గీసింది. ద్రవ్య బాధ్యత చట్టం ప్రకారం 2006 ఏప్రిల్ నుంచి, కొన్ని మినహాయింపులు తప్ప, రిజర్వు బ్యాంకు ప్రభుత్వం నుంచి నేరుగా కొత్త బాండ్లు కొనకూడదు. మార్కెట్లో ఇతరుల దగ్గర ఉన్నవి కొనవచ్చు. జీ-సాప్ ఈ రెండో కోవలోనిది.

గీత సన్ననిది. సోమవారం రిజర్వు బ్యాంకు కొంటుందని తెలిస్తే, అంతకుముందు శుక్రవారం వేలంలో బ్యాంకులు ధైర్యంగా కొంటాయి. అయినా ఆ గీతకు అర్థం ఉంది. నేరుగా ఇచ్చేటప్పుడు ఎంత కావాలో ప్రభుత్వం నిర్ణయిస్తుంది. మార్కెట్లో కొనేటప్పుడు ఎంత కొనాలో, ఎప్పుడు ఆపాలో రిజర్వు బ్యాంకు నిర్ణయిస్తుంది. 2021 అక్టోబరులో ప్రభుత్వ అప్పు కార్యక్రమం ఇంకా సుమారు 40 శాతం మిగిలి ఉండగానే ఆపగలిగింది కూడా.

ఇంత డబ్బు సృష్టిస్తే ధరలు మండిపోవా?

నిల్వలు నిల్వలుగా ఉన్నంతకాలం టమోటా ధర మీద వాటి ప్రభావం ఉండదు. జపాన్ 2001 నుంచి 2006 వరకు బ్యాంకుల నిల్వలు పెంచుకుంటూ పోయినా ధరలు పెరగలేదు. అక్కడి సమస్యే ధరలు పడిపోవడం. అమెరికాలో ఫెడరల్ రిజర్వు ఆస్తులు 2008కి ముందున్న దాదాపు 0.9 లక్షల కోట్ల డాలర్ల నుంచి 2014 చివరికి 4.5 లక్షల కోట్ల డాలర్లకు చేరినా అక్కడ ద్రవ్యోల్బణం చెలరేగలేదు.

కోవిడ్ తర్వాత మాత్రం కథ మారింది. తేడా ఎక్కడంటే, ఈసారి అమెరికా ప్రభుత్వం బాండ్లు అమ్మి తెచ్చిన డబ్బును నేరుగా ఇళ్లకు చెక్కులుగా పంపింది. అప్పుడు ప్రజల డిపాజిట్లే పెరిగాయి, ఖర్చు పెట్టారు. అదే సమయంలో సరుకు రవాణా దెబ్బతిని, ఆ తర్వాత ఉక్రెయిన్ యుద్ధంతో చమురు ధర పెరిగింది. మన దేశంలో రిటైల్ ద్రవ్యోల్బణం 2022 ఏప్రిల్‌లో 7.79 శాతానికి వెళ్లింది. అందులో జీ-సాప్ వాటా ఇంత అని వేలు పెట్టి చూపడం సాధ్యం కాదు. ఆహారం, ఇంధనం వాటా పెద్దదన్నది మాత్రం స్పష్టం.

వదిలిన డబ్బును వెనక్కి ఎలా తీసుకుంటారు?

ముందు కొనడం ఆపుతారు. 2021 సెప్టెంబరులో బ్యాంకులు రోజూ సగటున 9 లక్షల కోట్ల రూపాయలు రిజర్వు బ్యాంకు దగ్గరే తెచ్చి పెడుతున్నాయి. ఇంకా పోయడంలో అర్థం లేదు. ఆ తర్వాత పద్నాలుగు రోజుల రివర్స్ రెపో వేలాలతో ఆ సొమ్మును కొంత కాలానికి కట్టిపడేశారు. చివరికి 2022 మే నుంచి రెపో పెంచుతూ 2023 ఫిబ్రవరికి 6.5 శాతానికి తీసుకెళ్లారు. కొన్న బాండ్లను అమ్మడం, లేదా గడువు తీరినవాటి బదులు కొత్తవి కొనకపోవడం మరో దారి.

ఈ వెనక్కి నడిచే దశలోనే దెబ్బలు తగులుతాయి. పైన చెప్పిన 6 శాతం బాండును 2021లో 100 రూపాయలకు కొన్నవారిని ఊహించుకోండి. 2022 జూన్‌కి మార్కెట్ రాబడి 7.5 శాతానికి చేరింది. ఇంకా తొమ్మిదేళ్లు మిగిలి ఉన్న ఆ బాండును అప్పుడు అమ్ముకోవాలంటే 90 రూపాయలకు కాస్త పైన మాత్రమే వస్తుంది. గడువుదాకా ఉంచుకుంటే అసలు పోదు. మధ్యలో అవసరం పడితే పది రూపాయలు పోయినట్టే. 2023 మార్చిలో అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు కూలడానికి ఇలాంటి నష్టమే పెద్ద కారణం. డిపాజిటర్లు ఒక్కసారిగా వచ్చేసరికి, గడువుదాకా ఉంచుకోవాలనుకున్న బాండ్లను ఉంచుకునే వీలు లేకుండా పోయింది. రిజర్వు బ్యాంకు వారి రిటైల్ డైరెక్ట్ పోర్టల్ ద్వారా ఇంట్లో కూర్చుని ప్రభుత్వ బాండ్లు కొంటున్న పెద్దలు ఈ ఒక్క లెక్క మాత్రం గుర్తుంచుకుని కొనాలి.

అమెరికా క్యూఈ ఆపితే మన రూపాయికి ఏమవుతుంది?

2013లో చూశాం. అప్పట్లో ఫెడరల్ రిజర్వు నెలకు 8,500 కోట్ల డాలర్ల బాండ్లు కొంటోంది. మే 22న దాని ఛైర్మన్ బెన్ బెర్నాంకీ రాబోయే సమావేశాల్లో ఆ వేగం తగ్గించవచ్చని అన్నారు. తగ్గించలేదు, తగ్గించవచ్చని అన్నారంతే. అమెరికా రాబడులు పెరిగాయి, ఇక్కడి బాండ్లలో పెట్టిన విదేశీ డబ్బు తిరుగుముఖం పట్టింది. మేలో 55-56 దగ్గరున్న డాలరు ఆగస్టు 28న 68 రూపాయలు దాటింది. పిల్లల్ని అమెరికా చదువులకు పంపిన తిరుపతి తల్లిదండ్రులకు ఆ సెమిస్టరు ఫీజు రూపాయల్లో సుమారు ఐదో వంతు పెరిగింది.

రిజర్వు బ్యాంకు ఇప్పుడు బాండ్లు కొంటోందని వార్త వస్తే, అది పనిచేస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి?

కొనుగోలు మొత్తం ఎంతన్నది చూసి ఆగిపోవద్దు. ముందు దేనికోసం కొంటోందో గమనించండి. పండగల ముందు జనం నోట్లు ఎక్కువగా తీసుకున్నప్పుడో, రూపాయిని నిలబెట్టడానికి డాలర్లు అమ్మినప్పుడో బ్యాంకుల నిల్వ తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి కొంటే అది రోజువారీ పని, దానికి క్యూఈ అని పేరు పెట్టడం అతిశయోక్తి.

తర్వాత మూడు అంకెలు వరుసగా చూడాలి. బ్యాంకులు ఒకదానికొకటి ఒక్క రాత్రికి ఇచ్చుకునే కాల్ మనీ రేటు రెపో కంటే కిందికి దిగితే, నిల్వలు నిజంగా పెరిగాయన్నమాట. ఇది కొద్ది రోజుల్లోనే కనిపిస్తుంది. పదేళ్ల బాండు రాబడి తగ్గితే, కనీసం పెరగకుండా ఆగితే, రెండో మెట్టు దాటినట్టు. రిజర్వు బ్యాంకు విడుదల చేసే రుణాల పెరుగుదల చివరిది, అన్నిటికంటే నెమ్మదైనది. మొదటి రెండూ కదిలి ఇది కదలకపోతే, డబ్బు ముంబైలోని ఖాతాల్లోనే తిరుగుతోంది, మీ వీధి బ్యాంకు బ్రాంచిదాకా రాలేదు. 2021లో జరిగింది అదే. రుణాలు రెండంకెల వేగం అందుకున్నది 2022లో, రిజర్వు బ్యాంకు కొనడం ఎప్పుడో ఆపేశాక.